7520, 7530: లాప్‌టాప్ స్పెక్ షీట్‌లో ఏ అంకెను నమ్మాలి?

సికింద్రాబాద్‌లో సీటీసీ అని అందరూ పిలిచే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఏ షాపు ముందు నిలబడినా లాప్‌టాప్‌ల పక్కన చిన్న కార్డులు కనిపిస్తాయి. "రైజెన్ 5, 7000 సిరీస్, 8 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ, 15.6 అంగుళాల ఫుల్ హెచ్‌డీ స్క్రీన్" అని ఒక కార్డు మీద ఉంటుంది. పక్క లాప్‌టాప్ కార్డు మీద కూడా అచ్చం అదే రాసి ఉండొచ్చు. ధరలో మాత్రం కొన్ని వేల తేడా. అన్నీ ఒకటే అయినప్పుడు ఎక్కువ ఎందుకు పెట్టాలని కొనేవాళ్లకు అనిపిస్తుంది. "రెండూ రైజెన్ ఫైవే సార్, మీ ఇష్టం" అని షాపతను అంటే ఆ మాటలో అబద్ధమూ లేదు.

కార్డు మీద ఉన్నవన్నీ నిజాలే. కానీ లాప్‌టాప్ రోజూ ఎలా పనిచేస్తుందో, నాలుగేళ్ల తర్వాత ఎలా ఉంటుందో చెప్పే అంకెలు ఆ కార్డు మీద ఉండవు. అవి కంపెనీ వెబ్‌సైట్‌లో ఆ మోడల్‌కు పెట్టిన పూర్తి స్పెక్ షీట్‌లో, చాలాసార్లు అడుగున చిన్న అక్షరాల్లో ఉంటాయి. ఆ షీట్ తెరిస్తే నలభై, యాభై వరుసలు కనిపిస్తాయి. అన్నీ చదవాల్సిన పని లేదు. ఒక్కో వరుస దగ్గర ఆగి, "ఇది కొన్నాక మార్చుకోగలమా?" అని అడిగితే చాలు. మార్చుకోగలిగినదైతే ఇప్పుడు కాస్త తక్కువ ఉన్నా ఫర్వాలేదు. మార్చలేనిదైతే దాని మీదే డబ్బు పెట్టాలి, దాని గురించే షాపులో నిలదీసి అడగాలి.

ఈ కొలబద్దతో రెండు లాప్‌టాప్‌లను పక్కపక్కన పెట్టి చూద్దాం. డిగ్రీ చదివే అమ్మాయి కోసం ఇంట్లోవాళ్లు కొంటున్నారనుకుందాం. ఆన్‌లైన్ క్లాసులు, ప్రాజెక్టు రిపోర్టులు, ఎక్సెల్, ఓ మోస్తరు కోడింగ్, రాత్రి పూట ఒక సినిమా. మొదటి లాప్‌టాప్‌లో ఉన్న ప్రాసెసర్ పేరు Ryzen 5 7520U. రెండోదానిలో ఉన్నది Ryzen 5 7530U. తేడా ఒక్క అంకె.

మూడో అంకె చెప్పే వయసు

ఏఎండీ కంపెనీ 2022లో తన లాప్‌టాప్ ప్రాసెసర్లకు కొత్త తరహా పేర్లు ప్రకటించింది. నాలుగంకెల్లో మొదటిది, అంటే 7, ఆ ప్రాసెసర్‌ను ఏ ఏడాది వరుసలో అమ్మకానికి పెట్టారో చెబుతుంది. 7 అంటే 2023. రెండోది స్థాయి. మూడోదే మనకు కావలసింది. లోపల ఉన్న డిజైన్ ఏ తరానిదో అది చెబుతుంది. 2 ఉంటే జెన్ 2, 3 ఉంటే జెన్ 3 లేదా దాని మెరుగు రూపం, 4 ఉంటే జెన్ 4. జెన్ 2 ప్రాసెసర్లు మొదటిసారి బజారుకు వచ్చింది 2019లో. అంటే 7520U పేరులో మొదటి అంకె కొత్త ఏడాదిని చూపిస్తుంటే, మూడో అంకె అది పాత డిజైనని చెబుతోంది.

తేడా అక్కడితో ఆగదు. 7520Uలో నాలుగు కోర్లు, 7530Uలో ఆరు. ప్రాసెసర్ పదేపదే వాడే డేటాను దగ్గర పెట్టుకునే ఎల్3 క్యాష్ మొదటిదానిలో 4 ఎంబీ, రెండోదానిలో 16 ఎంబీ. బ్రౌజర్‌లో పదిహేను ట్యాబులు, ఒక వీడియో కాల్, వెనకాల విండోస్ అప్‌డేట్ ఒకేసారి నడిచేటప్పుడు ఈ తేడా కంటికి తెలుస్తుంది. కాల్‌లో మాట తెగుతుంది, ట్యాబు మారడానికి ఓ క్షణం పడుతుంది.

ఇప్పుడు అదే షీట్‌లో కొట్టొచ్చినట్టు కనిపించే మిగతా అంకెలు చూడండి. బేస్ క్లాక్ అనే వరుసలో 7520Uకు 2.8 గిగాహెర్ట్జ్, 7530Uకు 2.0 అని ఉంటుంది. ఎన్ని నానోమీటర్ల టెక్నాలజీ అన్న చోట మొదటిదానికి 6, రెండోదానికి 7 అని ఉంటుంది. ఇక్కడ తక్కువ అంకె ఉన్నదే కొత్తది. మెమరీ రకం మొదటిదానికి ఎల్‌పీడీడీఆర్5, రెండోదానికి డీడీఆర్4. ఈ మూడు వరుసలూ చదివినవాళ్లెవరైనా మొదటిదే మేలైనదని అనుకుంటారు. బలహీనమైన ప్రాసెసర్ దగ్గరే పైకి కనిపించే అంకెలన్నీ బాగున్నాయి. గిగాహెర్ట్జ్ అంటే ఒక కోర్ సెకనుకు ఎన్ని అడుగులు వేస్తుందో చెప్పే లెక్క. ఒక్కో అడుగులో ఎంత పని జరుగుతుందో, ఎన్ని కోర్లు కలిసి నడుస్తున్నాయో అది చెప్పదు. వేర్వేరు డిజైన్ల ప్రాసెసర్లను గిగాహెర్ట్జ్‌తో పోల్చడం దండగ. షీట్‌లో ఆ వరుసను దాటేసి వెళ్లిపోవచ్చు.

అలాగని 7520U పనికిరానిదేమీ కాదు. కరెంటు తక్కువ తాగుతుంది. మెయిల్, యూట్యూబ్, ఆన్‌లైన్ క్లాసులకు సరిపోతుంది. ధర ఆ స్థాయిలోనే ఉంటే, ర్యామ్ 16 జీబీ ఉన్న మోడల్ దొరికితే తీసుకోవచ్చు. 7530U ధరకు దగ్గరగా పెట్టి దాన్ని అమ్మితే మాత్రం ఒప్పుకోకూడదు.

ఇంటెల్ పేర్లలో చిక్కు వేరే రకం. అక్కడ చూడాల్సింది చివరి అక్షరం. i5-1235Uలో పది కోర్లు, i5-12450Hలో ఎనిమిదే. కానీ పదింటిలో బలమైన కోర్లు రెండే. మిగతా ఎనిమిదీ కరెంటు పొదుపు చేసే చిన్న కోర్లు. 12450Hలో బలమైనవి నాలుగు, చిన్నవి నాలుగు. U అని ఉన్నది 15 వాట్ల దగ్గర నడిచేలా చేసినది, H అని ఉన్నది 45 వాట్ల కోసం చేసినది. కాబట్టి ఎనిమిది కోర్లదే బరువైన పనిలో ముందుంటుంది. బదులుగా అది బ్యాటరీని త్వరగా తాగేస్తుంది, ఫ్యాను చప్పుడూ ఎక్కువే. క్లాసుకు మోసుకెళ్లే అమ్మాయికి U మేలు. ఇంట్లో బల్ల మీదే ఉండే లాప్‌టాప్‌కు H అయినా ఇబ్బంది లేదు. 2023 చివరి నుంచి ఇంటెల్ 'ఐ' అక్షరం తీసేసి కోర్ 5, కోర్ అల్ట్రా 5 అని పేర్లు పెట్టింది. పేరు కొత్తదైనంత మాత్రాన లోపల అంతా కొత్తది కాదు. Core 5 120U కూడా రెండు బలమైన కోర్లు, ఎనిమిది చిన్న కోర్లే. 13వ తరం డిజైన్‌కే మెరుగులు దిద్దినది. షాపులో నిలబడి అనుమానమొస్తే ఫోన్‌లో ark.intel.com తెరిచి మోడల్ కొడితే కోర్ల లెక్క, విడుదలైన కాలం వచ్చేస్తాయి. ఏఎండీ వివరాలు ఆ కంపెనీ వెబ్‌సైట్‌లో అలాగే దొరుకుతాయి.

ఐ3 కంటే ఐ5, ఐ5 కంటే ఐ7 ఎప్పుడూ గొప్పవన్న నమ్మకం మన ఇళ్లలో గట్టిగా పాతుకుపోయింది. ఒకే తరంలో, ఒకే అక్షరంతో ముగిసే వాటి మధ్య అది నిజమే. తరాలు మారితే నిలవదు. ఐదారేళ్ల కిందటి ఐ7 సెకండ్‌హ్యాండ్‌లో దొరికిందని సంబరపడేవాళ్లు, ఇప్పటి ఐ3తో ఒకసారి పోల్చి చూసుకోవాలి. అది 8వ తరం కంటే పాతదైతే విండోస్ 11 అధికారికంగా ఎక్కదు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది.

అతికించిన ర్యామ్, తీసి పెట్టే ర్యామ్

మన రెండు లాప్‌టాప్‌లలోనూ 8 జీబీ ర్యామే. కానీ అన్నిటికంటే పెద్ద తేడా దాగి ఉన్నది ఇక్కడే. 7520U ప్రాసెసర్ ఎల్‌పీడీడీఆర్5 మెమరీతో మాత్రమే పనిచేస్తుంది. ఆ చిప్పులను ఫ్యాక్టరీలోనే మదర్‌బోర్డుకు సోల్డర్ చేసేస్తారు. విడి స్లాటు ఉండదు. ఈ రోజు 8 జీబీతో కొంటే ఆ లాప్‌టాప్ ఉన్నన్నాళ్లూ 8 జీబీయే. 7530U మాత్రం మామూలు డీడీఆర్4 స్టిక్కులను కూడా తీసుకుంటుంది. చాలా మోడళ్లలో కనీసం ఒక స్లాటు ఇస్తారు. రేపు ఇంకో 8 జీబీ స్టిక్కు తెచ్చి పెట్టించుకోవచ్చు. ఈ ప్రాసెసర్‌తోనూ కొన్ని పలుచని మోడళ్లలో ర్యామ్‌ను సోల్డర్ చేసేస్తారు కనుక, ప్రాసెసర్ పేరు చూసి ఊరుకోకుండా మెమరీ వరుస విడిగా చదవాలి.

ఆ వరుసలో 'సోల్డర్డ్', 'ఆన్‌బోర్డ్' అన్న మాటలు కనిపిస్తే, పక్కన స్లాట్ల సంఖ్య ఉందేమో చూడాలి. సున్నా ఉంటే లేదా స్లాటు ఊసే లేకపోతే అది మార్చలేనిది. ఎల్‌పీ అన్న అక్షరాలతో మొదలయ్యే మెమరీ దాదాపు ఎప్పుడూ అతికించినదే. "మ్యాక్సిమమ్ మెమరీ" అని ఇంకో వరుస ఉంటుంది. అక్కడ 8 జీబీ అనే ఉంటే ఇక పెంచేది లేదని అర్థం.

8 జీబీ సరిపోదా అని అడిగేవాళ్లకు ఓ లెక్క. లాప్‌టాప్ ఆన్ చేయగానే, ఏ పనీ మొదలుపెట్టకముందే, విండోస్ 11 సుమారు మూడు నుంచి నాలుగు జీబీ తీసుకుంటుంది. విడి గ్రాఫిక్స్ కార్డు లేని మోడళ్లలో స్క్రీన్ మీద బొమ్మ గీయడానికి కూడా ఇదే ర్యామ్‌లో కొంత పక్కన పెడతారు. అందుకే 8 జీబీ అని కొన్న లాప్‌టాప్‌లో సెట్టింగ్స్ తెరిస్తే వాడుకోగలిగినది ఏడు చిల్లర జీబీ అని కనిపిస్తుంది. ఇక బ్రౌజర్ ట్యాబులు, జూమ్, వర్డ్ కలిస్తే మిగిలిందీ నిండిపోతుంది. నిండాక విండోస్ కొంత సరుకును ఎస్‌ఎస్‌డీ మీదికి దించుతుంది, అవసరమైనప్పుడు మళ్లీ ఎక్కిస్తుంది. ఎస్‌ఎస్‌డీ ఎంత వేగంగా ఉన్నా ర్యామ్ కంటే వందల రెట్లు ఆలస్యం. ట్యాబు మార్చగానే స్క్రీన్ ఒక క్షణం బిగుసుకుపోవడానికి చాలాసార్లు కారణం ఇదే. ప్రాసెసర్‌ను తిట్టుకుంటాం, తప్పు ర్యామ్‌ది.

నాలుగేళ్లు వాడాలనుకునే ఇంటికి ఈ రోజున 16 జీబీ ఉండాలి, లేదా 16కు పెంచుకునే దారి ఉండాలి. డీడీఆర్4, డీడీఆర్5 అన్న తేడా, 3200, 4800, 5600 అన్న మెమరీ వేగాలు ఈ అమ్మాయి చేసే పనుల్లో తెలియవు. 16 జీబీ డీడీఆర్4, 8 జీబీ డీడీఆర్5 కంటే ఎప్పుడూ మేలు.

ఒకే స్టిక్కు ఉన్న లాప్‌టాప్‌కు రెండోది జోడిస్తే ఇంకో లాభం ఉంది. ప్రాసెసర్ రెండు దారుల్లో మెమరీని అందుకుంటుంది. దాంతో లోపలే ఉన్న గ్రాఫిక్స్ వేగం బాగా పెరుగుతుంది. ఇంటెల్ ఐరిస్ ఎక్స్‌ఈ గ్రాఫిక్స్ అని పెట్టె మీద చదివి కొన్నవాళ్లకు లాప్‌టాప్‌లో 'యూహెచ్‌డీ గ్రాఫిక్స్' అని కనిపించడానికీ ఇదే కారణం. రెండు దారులూ నిండితేనే ఆ పేరు వస్తుందని షీట్ అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది.

స్టోరేజ్ దగ్గర తల బద్దలు కొట్టుకోవద్దు

512 జీబీ అని కొంటే విండోస్‌లో 476 జీబీయే కనిపిస్తుంది. షాపువాడు మోసం చేశాడని చాలామంది అనుకుంటారు. తయారీదారు వెయ్యి లెక్కన కొలుస్తాడు, విండోస్ 1024 లెక్కన కొలుస్తుంది. వస్తువు ఒకటే, గజాలు వేరు. అంతకు మించి అందులో మోసం లేదు.

ఎస్‌ఎస్‌డీ సెకనుకు 3,500 ఎంబీ చదువుతుందా, 7,000 ఎంబీ చదువుతుందా అన్నది పెద్ద పెద్ద వీడియో ఫైళ్లను అటూ ఇటూ కదిపేవాళ్లకు తప్ప ఇంకెవరికీ తేడాగా తెలియదు. వర్డ్ తెరవడానికి, లాప్‌టాప్ ఆన్ కావడానికి రెండిటిలోనూ ఇంచుమించు ఒకే సమయం పడుతుంది. జాగ్రత్త పడాల్సింది బాగా చవక మోడళ్లలో కనిపించే 'ఈఎంఎంసీ' అన్న మాట దగ్గర. అది ఎస్‌ఎస్‌డీ కంటే చాలా నెమ్మది, పైగా బోర్డుకు అతికించి ఉంటుంది. ఎం.2 స్లాటులో పెట్టిన ఎస్‌ఎస్‌డీ అయితే నాలుగేళ్ల తర్వాత 1 టీబీతో మార్చించుకోవచ్చు. కాబట్టి స్టోరేజ్ పెంచడానికి ఈ రోజే ఎక్కువ డబ్బు పెట్టక్కర్లేదు. ఆ సొమ్ము స్క్రీన్‌కు వాడుకోవడం మంచిది.

స్క్రీన్ వరుసలో దాగిన రెండు అంకెలు

లాప్‌టాప్‌లో ఎప్పుడూ కళ్లెదుట ఉండేది స్క్రీన్. దాని గురించి షాపులో అడిగేవాళ్లే తక్కువ. "ఫుల్ హెచ్‌డీ, యాంటీ గ్లేర్" అని కార్డు మీద ఉంటే చాలనుకుంటారు. ఫుల్ హెచ్‌డీ అంటే 1920 చుక్కలు అడ్డంగా, 1080 చుక్కలు నిలువుగా. ఇప్పుడు దాదాపు అన్ని మోడళ్లలోనూ అదే ఉంది. బాగా చవక వాటిలో మాత్రం 1366, 768 ఇంకా కనిపిస్తుంది. ఆ స్క్రీన్ మీద ఎక్సెల్ షీట్ సగమే పడుతుంది. దాన్ని వదిలేయాలి.

అసలు వెతకాల్సినవి నిట్స్, ఆ తర్వాత రంగుల శాతం. నిట్స్ స్క్రీన్ వెలుగు కొలత. చవక, మధ్య స్థాయి లాప్‌టాప్‌లలో ఎక్కువగా కనిపించేది 250. ట్యూబ్‌లైట్ కింద గదిలో అది సరిపోతుంది. పగలు కిటికీ పక్కనో, వరండాలోనో, బస్సులోనో కూర్చుంటే 250 నిట్స్ స్క్రీన్ మీద నల్ల అక్షరాలు కూడా వెలిసినట్టు కనిపిస్తాయి. 300 ఉంటే కాస్త నయం. 400 దాటితే పగటి వెలుగులో హాయిగా చదవొచ్చు. షాపులో అన్ని లాప్‌టాప్‌లూ ఒకే లైటు కింద వరుసగా ఉంటాయి కాబట్టి తేడా తెలియదు. వీలైతే వెలుగును పూర్తిగా పెంచమని, ఒకసారి గుమ్మం దాకా తెచ్చి చూపించమని అడగాలి.

రంగుల దగ్గర '45% ఎన్‌టీఎస్‌సీ' అన్న మాట కనిపిస్తే దాని అర్థం తెలుసుకోవాలి. ఎన్‌టీఎస్‌సీ పాత టీవీ కాలపు కొలత. ఇప్పుడు వెబ్‌సైట్లు, ఫొటోలు తయారయ్యేది ఎస్‌ఆర్‌జీబీ కొలతలో. ఆ ఎస్‌ఆర్‌జీబీ మొత్తం కలిపితే ఎన్‌టీఎస్‌సీలో 72 శాతమంత ఉంటుంది. 45ను 72తో భాగిస్తే వచ్చేది 62. అంటే ఫొటోలో ఉన్న రంగుల్లో మూడింట రెండొంతులు కూడా ఈ స్క్రీన్ చూపించలేదు. ఎరుపు కాస్త నారింజ వైపు జారుతుంది. ఆన్‌లైన్‌లో ముదురు కుంకుమ రంగు పట్టుచీర చూస్తే ఇటుక రంగులా కనిపిస్తుంది. ఫోన్‌లో అదే ఫొటో నిండుగా ఉంటుంది. ఫొటోలు, డిజైన్, బట్టల వ్యాపారం, యూట్యూబ్ థంబ్‌నెయిల్స్ లాంటి పనులు ఉన్నవాళ్లు '100% ఎస్‌ఆర్‌జీబీ' లేదా '72% ఎన్‌టీఎస్‌సీ' అని ఉన్నది వెతకాలి. రిపోర్టులు, కోడింగ్ వరకే అయితే 45 శాతంతో సర్దుకోవచ్చు, నిట్స్ దగ్గర మాత్రం సర్దుకోవద్దు.

షీట్‌లో ఐపీఎస్ అన్న మాట ఉందో లేదో చూడాలి. ఏ రకం స్క్రీనో చెప్పకుండా వదిలేస్తే, అది పాత టీఎన్ రకం కావచ్చు. తెలుసుకోవడం తేలిక. స్క్రీన్‌ను వెనక్కి ముందుకు వంచితే టీఎన్ రకంలో రంగులు తిరగబడినట్టు, పైభాగం నల్లబడినట్టు అవుతుంది. ఐపీఎస్‌లో బొమ్మ ఏ వైపు నుంచి చూసినా ఒకేలా ఉంటుంది.

"పది గంటల వరకు" అన్న బ్యాటరీ

బ్యాటరీ గురించి పెట్టె మీద గంటల్లో రాస్తారు. ఆ గంటల పక్కన చిన్న నక్షత్రం గుర్తు ఉంటుంది. అడుగున వెతికితే స్క్రీన్ వెలుగు 150 నిట్స్‌కు తగ్గించి, ఒకే వీడియో ఆపకుండా నడిపి కొలిచామని చాలాసార్లు రాసి ఉంటుంది. ఆ వెలుగులో పగలు ఎవరూ పని చేయరు. గంటలను పక్కన పెట్టి, వాట్ అవర్ అంటే Wh అన్న అంకె వెతకాలి. బ్యాటరీలో నిజంగా ఎంత కరెంటు పడుతుందో చెప్పేది అదొక్కటే. కొన్ని షీట్లలో mAh ఇస్తారు. అప్పుడు దాన్ని వోల్టులతో గుణించి వెయ్యితో భాగించాలి. 11.4 వోల్టుల 3,600 mAh బ్యాటరీ అంటే 41 Wh. 7.7 వోల్టుల 5,000 mAh అంటే 38.5 Wh. mAh ఎక్కువున్న రెండోదే చిన్న బ్యాటరీ! "3 సెల్" అన్నది కూడా సెల్స్ ఎన్నో చెబుతుంది కానీ, ఒక్కోటి ఎంతో చెప్పదు.

మన మొదటి లాప్‌టాప్‌కు 41 Wh, రెండోదానికి 57 Wh ఉన్నాయనుకుందాం. బ్రౌజర్, వర్డ్, మామూలు వెలుగు ఉన్న స్క్రీన్‌తో ఇలాంటి లాప్‌టాప్ తొమ్మిది వాట్ల దగ్గర తీసుకుంటుందని లెక్క వేస్తే, మొదటిది నాలుగున్నర గంటలు, రెండోది ఆరు గంటల పైన వస్తుంది. రెండేళ్లు రోజూ వాడాక బ్యాటరీ ఐదో వంతు తగ్గిందనుకుంటే మొదటిది మూడున్నర గంటలకు పడిపోతుంది. క్లాసురూములో అరవై మందికి రెండు ప్లగ్గులు ఉండే కాలేజీల్లో ఆ మూడున్నర గంటలు మధ్యాహ్నం దాకా కూడా రావు. బ్యాటరీ పాడైతే మార్పించుకోవచ్చు కానీ, 41 Wh బ్యాటరీ పెట్టే చోట 57 Wh బ్యాటరీ మామూలుగా పట్టదు. అందుకే ఇదీ మార్చలేని అంకెల కిందికే వస్తుంది.

టైప్ సీ పోర్టు కూడా అంతే. అన్ని టైప్ సీ పోర్టులూ పైకి ఒకేలా ఉంటాయి. పక్కన పవర్ డెలివరీ అని ఉంటేనే దాని ద్వారా లాప్‌టాప్ ఛార్జ్ అవుతుంది. డిస్‌ప్లేపోర్ట్ అని ఉంటేనే దానికి మానిటర్ తగిలించొచ్చు. "డేటా ఓన్లీ" అని ఉంటే పెన్‌డ్రైవ్‌కే పనికొస్తుంది. లాప్‌టాప్ ఛార్జర్ ఇంట్లో మరిచిపోయిన రోజున హాస్టల్‌లో ఎవరిదో టైప్ సీ ఛార్జర్ పనికొస్తుందా లేదా అన్నది ఈ ఒక్క మాట మీదే ఉంటుంది. యూఎస్‌బీ 3.2 జెన్ 1 అన్నది ఒకప్పటి యూఎస్‌బీ 3.0కే కొత్త పేరు, వేగం ఏమీ పెరగలేదు.

గేములు, ఆటోక్యాడ్, వీడియో ఎడిటింగ్ చేసేవాళ్ల లెక్క వేరు. వాళ్లకు విడి గ్రాఫిక్స్ కార్డు కావాలి. అక్కడ కూడా పేరు చూసి ఊరుకుంటే సరిపోదు. లాప్‌టాప్‌లలో వచ్చే RTX 4050ని 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా ఎంతకైనా సెట్ చేయడానికి తయారీదారుకు వీలుంది. రెండిటి మీదా స్టిక్కర్ ఒకటే, పని మాత్రం ఎక్కడికక్కడే. టీజీపీ అన్న వరుసలో ఎన్ని వాట్లో రాయని మోడల్‌కు దూరంగా ఉండటం మంచిది.

పెట్టె మీది కోడు, ఇంటికొచ్చాక పరీక్ష

ఒకే పేరుతో, ఒకే రంగు మూతతో ఒక కంపెనీ పది రకాలు అమ్ముతుంది. ఒకదానిలో 250 నిట్స్ స్క్రీన్, ఇంకోదానిలో 300. ఒకదానిలో స్లాటు ఉంటుంది, ఇంకోదానిలో ఉండదు. పేరు చెప్పి నెట్‌లో వెతికితే దొరికే రివ్యూ వేరే రకానిది కావచ్చు. అందుకే పెట్టె పక్కన ఎంఆర్‌పీ స్టిక్కర్ మీద ఉండే పూర్తి మోడల్ నంబర్ ఫోటో తీసుకుని, దాన్ని అక్షరం పొల్లు పోకుండా కంపెనీ వెబ్‌సైట్‌లో కొట్టి షీట్ తెరవాలి. అదే స్టిక్కర్ మీద తయారైన లేదా దిగుమతైన నెల, ఏడాది కూడా ఉంటాయి. ఏడాదిన్నర కిందటి స్టాకైతే బ్యాటరీ అన్నాళ్లూ గోడౌన్‌లో వాడకుండా పడి ఉన్నట్టే. ధర తగ్గించమని అడగడానికి అది సరైన కారణం.

కొన్నాక, తిరిగి ఇచ్చే గడువు ఉండగానే, రెండు పరీక్షలు చేయాలి. Ctrl, Shift, Esc మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో Performance కింద Memory నొక్కితే, కుడివైపు అడుగున Slots used, Form factor అన్న వరుసలు కనిపిస్తాయి. Form factor ఎదురుగా SODIMM అని ఉంటే అది తీసి పెట్టే స్టిక్కు. Row of chips అని ఉంటే అతికించినది. స్లాటు ఉందని చెప్పి అమ్మిన లాప్‌టాప్‌లో రెండో మాట ఒక్కటే కనిపిస్తే షాపతన్ని అక్కడే అడగాలి. కొంత అతికించి, పక్కన ఒక స్లాటు ఖాళీగా ఇచ్చే మోడళ్లూ ఉన్నాయి కనుక అడిగే ముందు Slots used వరుస కూడా చూసుకోవాలి.

రెండోది బ్యాటరీకి. స్టార్ట్ మెనూలో cmd అని కొట్టి, వచ్చిన నల్ల కిటికీలో ఈ వరుస టైప్ చేసి ఎంటర్ నొక్కాలి.

```
powercfg /batteryreport
```

battery-report.html అన్న ఫైలు ఎక్కడ దాచిందో అక్కడే చూపిస్తుంది. దాన్ని బ్రౌజర్‌లో తెరిస్తే Installed batteries కింద DESIGN CAPACITY, FULL CHARGE CAPACITY అని రెండు అంకెలు ఉంటాయి. అవి mWhలో ఉంటాయి కనుక వెయ్యితో భాగించుకోవాలి. 57,000 దగ్గర ఉండాల్సిన మొదటి అంకె 41,000 దగ్గర ఉంటే వచ్చింది వేరే రకం మోడల్. రెండో అంకె మొదటిదాని కంటే బాగా తక్కువుంటే, ఆ బ్యాటరీ అప్పటికే కొంత అరిగింది. కొత్తదని అమ్మినదానిలో అలా ఉండకూడదు.

తేడా కనిపిస్తే ఆ తెరల ఫోటోలు, బిల్లు, పెట్టె మీది స్టిక్కర్ ఫోటో మూడూ కలిపి షాపుకు, కంపెనీ సర్వీసుకు ఒకే మెయిల్‌లో పంపాలి. అక్కడ పని కాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించుకోవచ్చు. అప్పుడూ ముందుగా అడిగేవి బిల్లు, మోడల్ నంబరే.